పదకొండు నుంచి రెండు దాకా
(సిద్ధగోరాలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను షేర్ల గురించి మాట్లాడమన్నారు. ఏ షేరు కొనాలో చెబుతానని ఎవరైనా ముందు వరసలో కూర్చుని ఉంటే, వాళ్ళకి ముందే క్షమాపణ. ఈ రోజు నేను చెప్పబోయేది ఎప్పుడు కొనకూడదో, ఎందుకు కొనకూడదో. ఇందులో ఉన్న మనిషి మా నాన్న. ఆయన అనుమతి తీసుకునే మాట్లాడుతున్నాను. "చెప్పు, కానీ అంకెలు తప్పు చెప్పకు" అన్నారు. కాబట్టి కాగితం చూసి చదువుతాను.

ముందుగా ఒక మాట. మన బ్యాంకుల ప్రవర్తనా నియమావళి సంగతి మీకందరికీ తెలుసు. ఉద్యోగి షేర్లలో స్పెక్యులేషన్ చేయకూడదు. తరచూ కొని అమ్మడాన్ని కూడా ఆ కిందికే లెక్కగడతారు. అందుకని ఇది మన చేతుల గురించి కాదు, మన ఇళ్ళలో ఉన్న చేతుల గురించి. రిటైరైన తండ్రులు, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న తమ్ముళ్ళు, ఇంట్లో ఫోను పట్టుకుని మధ్యాహ్నం గడిపే బావమరుదులు. వాళ్ళలో ఎవరికో ఒకరికి డీమ్యాట్ ఖాతా తెరవడానికి మనమే సాయం చేసి ఉంటాం. నేనూ చేశాను.

మా తాత శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పనికోసం జంషెడ్‌పూర్ వచ్చాడు. నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడి ప్లాంటులోనే ముప్ఫై ఆరేళ్ళు ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పని చేసి, ఫోర్‌మన్‌గా దిగారు. మా ఇల్లు సిద్ధగోరాలోనే, ఇక్కడికి నడిచి వచ్చే దూరంలో. ముప్ఫై ఆరేళ్ళు ఏ, బీ, సీ షిఫ్టుల ప్రకారం తిని, పడుకుని, లేచిన మనిషి. రిటైరయ్యాక మొదటి నెల చుట్టాలతో గడిచింది. రెండో నెల ఇంట్లో ఉన్న ఫ్యాన్లు, స్విచ్చులు అన్నీ విప్పి బిగించారు. మూడో నెల ఏ పనీ మిగల్లేదు. అప్పుడు నేనే, ఎంబీయే చదివిన కొడుకుని, ఒక ఆదివారం కూర్చుని ఆయన ఫోనులో ట్రేడింగ్ యాప్ పెట్టి, మూడు లక్షలు అందులో వేయించి, "కాలక్షేపంగా ఉంటుంది నాన్నా" అన్నాను. ఆ మాట గుర్తుంచుకోండి. తప్పు అక్కడే మొదలైంది.

ఆరు నెలల తరువాత, ఒకరోజు సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చేసరికి అమ్మ వంటింట్లోకి పిలిచి నెమ్మదిగా అడిగింది. "మీ నాన్నగారు అన్నం తింటూ కూడా ఆ ఫోనే చూస్తున్నార్రా. డబ్బు పోతోందా?" అని. నేను నాన్నని అడిగాను. ఆయన నమ్మకంగా "లేదురా, కాస్తో కూస్తో లాభమే" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. యాప్ తెరిచి చూపించారు. నిజంగానే లాభమే కనబడింది, ఆరు నెలల మీద 5,200 రూపాయలు.

మరి ఖాతాలో డబ్బెందుకు తగ్గింది?

ఇక్కడ మీ అందరికీ పనికొచ్చే మొదటి సంగతి. చాలా యాప్‌లలో తెర మీద ఆకుపచ్చగానో ఎర్రగానో కనబడే లాభనష్టాల అంకె ఖర్చులు తీసేయక ముందుది. ఖర్చులు ఎక్కడుంటాయంటే, ప్రతి ట్రేడింగ్ రోజు సాయంత్రం మెయిలుకి వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లో. దానికి తాళం వేసి ఉంటుంది, పాన్ నంబరు కొడితే తెరుచుకుంటుంది. అందుకని చాలామంది తెరవరు. నాన్న ఒక్కటీ తెరవలేదు. ఆ రాత్రి మేమిద్దరం కూర్చుని ఆరు నెలల నోట్లూ తెరవడం మొదలుపెట్టాం.

ఒక్క బేరాన్ని పట్టుకుని చూద్దాం. ఐదు వందల రూపాయల షేరు రెండు వందలు కొన్నారు, అంటే లక్ష రూపాయలు. అదే రోజు అదే ధరకు అమ్మేశారు. లాభం లేదు, నష్టం లేదు అనుకుంటాం. కానీ తక్కువ ఛార్జీలు తీసుకునే బ్రోకరు దగ్గర కూడా కొన్నందుకు 20, అమ్మినందుకు 20 బ్రోకరేజీ. అమ్మకం మీద సెక్యూరిటీస్ లావాదేవీల పన్ను 25. ఎక్స్ఛేంజీ రుసుము సుమారు 6. స్టాంపు డ్యూటీ 3. బ్రోకరేజీ మీదా, రుసుముల మీదా జీఎస్‌టీ 8 చిల్లర. మొత్తం సుమారు 82 రూపాయలు. లక్షకి 82 అంటే ఎవరికీ పెద్దగా అనిపించదు. నాన్నకీ అనిపించలేదు. "టీ, సమోసా ఖర్చు" అన్నారు.

ఆ ఆరు నెలల్లో ఆయన చేసిన బేరాలు, కొనడం అమ్మడం కలిపి ఒకటిగా లెక్క వేస్తే, 412. సగటున ఒక్కొక్కటీ లక్ష రూపాయల చుట్టూ. 412 ని 82తో గుణిస్తే 33,784. తెర మీద లాభం 5,200. తీసివేస్తే నికరంగా పోయింది 28,584 రూపాయలు. మూడు లక్షల మీద ఆరు నెలల్లో తొమ్మిదిన్నర శాతం పోయింది. మార్కెట్టు పడలేదు, ఆయన ఊహలు ఘోరంగా తప్పలేదు. కేవలం ఎక్కువ సార్లు కొన్నారు, ఎక్కువ సార్లు అమ్మారు. అంతే.

ఇంతవరకు ఎవరైనా చెప్పే మాటే. నాన్న ఎలక్ట్రికల్ మనిషి కదా, ఊరుకోలేదు. "లోడు ఎక్కడ ఎక్కువుందో చూడాల్రా" అన్నారు. కాంట్రాక్ట్ నోట్‌లో ప్రతి ఆర్డరు పక్కనా సమయం ఉంటుంది, నిమిషాలతో సహా. ఆ 412 బేరాలనూ కొన్న సమయం ప్రకారం మూడు కుప్పలు వేశాం. ఉదయం తొమ్మిదింబావు నుంచి పదకొండు వరకు 121. రెండు నుంచి మూడున్నర వరకు 83. మధ్యలో, పదకొండు నుంచి రెండు వరకు, 208. సగానికి పైగా ఆ మూడు గంటల్లోనే.

మార్కెట్టు స్వభావం తెలిసిన వాళ్ళకి ఇది తలకిందుల లెక్క. మన మార్కెట్టులో లావాదేవీల జోరు ఉదయం తెరిచినప్పుడూ, సాయంత్రం మూసే ముందూ ఉంటుంది. మధ్యాహ్నం చెరువు నీళ్ళలా నిలిచి ఉంటుంది. మార్కెట్టు కునుకు తీసే వేళలో మా నాన్న ఎక్కువ పని చేశారన్నమాట.

తరువాత రోజుల వారీగా చూశాం. నిఫ్టీ ఆ రోజు గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడా చూసుకుని, ఆ తేడా సూచీ విలువలో 0.6 శాతం కన్నా తక్కువ ఉన్న రోజుల్ని మందకొడి రోజులు అనుకున్నాం. 124 రోజుల్లో అలాంటివి 44. ఆ 44 రోజుల్లో ఆయన బేరాలు 220, రోజుకి ఐదు. మిగిలిన 80 రోజుల్లో 192, రోజుకి రెండున్నర కూడా లేదు. మార్కెట్టు కదిలిన రోజు ఆయన నిలబడి చూశారు. మార్కెట్టు కదలని రోజు ఆయన కదిలారు.

ఈ అంకె చూశాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కళ్ళద్దాలు తీసి, నా వైపు చూడకుండా అన్నారు. "మరి పదకొండు నుంచి రెండు దాకా ఈ ఇంట్లో నేనేం చెయ్యాల్రా? మీ అమ్మ పూజ, వంట. నువ్వు బ్యాంకు. పిల్ల స్కూలు. నువ్వే చెప్పు."

నా దగ్గర సమాధానం లేదు. ఎంబీయేలో రిస్కు గురించి చదివాను, రాబడి గురించి చదివాను. మధ్యాహ్నం గురించి ఏ పుస్తకంలోనూ లేదు.

ఇది మా నాన్న ఒక్కరి బలహీనత కాదని చెప్పడానికి ఒక ప్రయోగం సంగతి చెబుతాను. అమెరికాలో 2014లో ప్రచురించారు. మనుషుల్ని ఒక్కొక్కరినీ ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. చేయడానికి ఏమీ లేదు, ఒక మీట తప్ప. అది నొక్కితే చిన్న కరెంటు షాకు తగులుతుంది. ముందే దాని రుచి చూపించారు, డబ్బిచ్చయినా సరే తప్పించుకుంటామని వాళ్ళన్నారు కూడా. అయినా పద్దెనిమిది మంది మగవాళ్ళలో పన్నెండు మంది, ఇరవై నలుగురు ఆడవాళ్ళలో ఆరుగురు కనీసం ఒక్కసారైనా నొక్కుకున్నారు. ఊరకే కూర్చోవడం కన్నా షాకే నయమనిపించింది. ట్రేడింగ్ యాప్‌లో కొనే బటన్ కూడా అలాంటి మీటే. దాన్ని తయారు చేసినవాళ్ళు అది నొక్కడం ఎంత సులువైతే అంత మంచిదనుకుంటారు. తైవాన్‌లో పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. అక్కడ లాటరీ పెద్ద బహుమతి బాగా పెరిగిన రోజుల్లో, చిన్న మదుపరులు ఇష్టపడే షేర్లలో లావాదేవీలు తగ్గాయట. అంటే షేర్లు కొనేవాళ్ళలో కొందరికైనా కావలసింది రాబడి కాదు, సందడి. అది ఇంకోచోట దొరికితే ఇక్కడికి రారు.

సరే, మందకొడి మధ్యాహ్నం బేరం ఎందుకు అంత చెడ్డదో ఒక్కసారి లెక్కలో చూపిస్తాను. ఆడవాళ్ళకి కూరగాయల బేరం తెలుసు కాబట్టి ఇది నాకన్నా మీకే తొందరగా అర్థమవుతుంది.

అదే ఐదు వందల షేరు, రెండు వందలు. ఖర్చు 82. దీనికి తోడు కొనేటప్పుడు కాస్త పై ధర, అమ్మేటప్పుడు కాస్త కింది ధర దొరుకుతుంది. ఆ తేడా పది పైసలనుకుంటే ఇంకో 20 రూపాయలు. మొత్తం సుమారు వంద. రెండు వందల షేర్ల మీద వంద అంటే షేరుకి అర్ధరూపాయి. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ షేరు గంటలో ఒక రూపాయి పైకో కిందికో కదులుతుంది. రూపాయి వస్తే అమ్ముదాం, రూపాయి పోతే వదులుకుందాం అని కొన్నారనుకోండి. గెలిస్తే చేతికొచ్చేది రూపాయిలో ఖర్చు పోగా అర్ధరూపాయి. ఓడితే పోయేది రూపాయిన్నర. ఒక్క ఓటమిని పూడ్చడానికి మూడు గెలుపులు కావాలి. అంటే నూటికి డెబ్భై ఐదు సార్లు మీ ఊహ నిజమైతే అసలుకి సమానం. లాభం ఇంకా మొదలవలేదు.

అదే షేరు జోరుగా ఉన్నప్పుడు ఐదు రూపాయల కోసం, ఐదు రూపాయల నష్టానికి సిద్ధపడి కొంటే? గెలిస్తే నాలుగున్నర, ఓడితే ఐదున్నర. నూటికి యాభై ఐదు సార్లు సరిపోతుంది. అదే మనిషి, అదే తెలివి, అదే ఖర్చు. తేడా కదలికలో ఉంది. ఖర్చు ఎప్పుడూ అర్ధరూపాయే, దాన్ని మోసే బండి చిన్నదైతే ఇరుసు విరుగుతుంది.

నాన్న కుప్పల్లో కూడా ఇదే కనబడింది. మధ్యాహ్నపు 208 బేరాల్లో ఖర్చులకు ముందే 6,300 నష్టం. ఖర్చులు 17,056 కలిపితే 23,356. మిగతా 204 బేరాల్లో ఖర్చులకు ముందు 11,500 లాభం, ఖర్చులు 16,728, నికరంగా 5,228 నష్టం. మీరు గమనించాలి, ఉదయం బేరాలు కూడా లాభం తేలేదు. మధ్యాహ్నం మానేస్తే కోటీశ్వరులవుతారని నేను చెప్పడం లేదు. పోయిన ప్రతి ఐదు రూపాయల్లో నాలుగు రూపాయలు తోచక పోయాయని మాత్రం చెబుతున్నాను.

దేశం మొత్తం మీద కూడా చిత్రం వేరుగా లేదు. సెబీ 2024 జూలైలో ఒక అధ్యయనం ప్రచురించింది. 2022-23లో, ఏ రోజు కొన్న షేరు ఆ రోజే అమ్మే వ్యక్తుల్లో పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. ఏడాదికి ఐదు వందలకు మించి ట్రేడ్లు చేసిన వాళ్ళలో పదిమందికి ఎనిమిది మంది. నాన్న ఆరు నెలల్లోనే 412 దగ్గర ఉన్నారు.

ఇప్పుడు నియమాల దగ్గరికి వస్తాను. వీటిని నేను తయారు చేయలేదు. మొదట నేను ఒక పెద్ద పట్టిక రాసిచ్చాను, పద్నాలుగు సూత్రాలతో. నాన్న చదివి మడిచి పక్కన పెట్టారు. మర్నాడు పొద్దున్న ఆయనే అన్నారు. "మా దగ్గర పర్మిట్ లేకుండా ఎవడూ ప్యానెల్ తెరవడు. ఎంత తోచకపోయినా తెరవడు. షిఫ్టులో ఎనిమిది గంటలూ ఏ పనీ రాకపోతే అది మంచి షిఫ్టు. లాగ్‌బుక్‌లో 'అంతా సవ్యం' అని రాసి ఇంటికొచ్చేవాణ్ణి. ఇక్కడ ఆ మాట మర్చిపోయాన్రా." అక్కడి నుంచి పుట్టినవే ఈ నాలుగు నియమాలు.

మొదటిది, పర్మిట్. ఉదయం తొమ్మిదికి ముందే, మార్కెట్టు తెరవక ముందే, చిన్న కాగితం మీద ఐదు విషయాలు రాయాలి. ఏ షేరు, ఏ ధరకు, ఎన్ని, ఎందుకు, ఏ ధర వస్తే బయటపడాలి. లాభానికో ధర, నష్టానికో ధర. ఆ రోజు ఆ కాగితం మీద ఉన్నదే కొనాలి. కాగితం మీద లేనిది ఎంత అందంగా కనబడినా రేపటి కాగితం మీదికి వెళ్ళాలి. కాగితం ఎక్కడ ఉంటుందంటే, అమ్మ పోపులడబ్బా కింద. అమ్మకి షేర్లు తెలియవు, తెలియనక్కర్లేదు. కాగితం ఉందా లేదా అన్నది తెలిస్తే చాలు. 'ఎందుకు' అన్న గడిలో ఏమి రాయాలో తోచకపోతే అది బోరు కొట్టి చేస్తున్న బేరమని తెలుసుకోవడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు. కారణం కొన్న తరువాత వెతుక్కుంటున్నామంటే అసలు కారణం షేరులో లేదు, మనలో ఉంది.

రెండోది, సంఖ్య. వారానికి మూడు బేరాలు. రోజుకి ఇన్ని అని పెడితే నాన్న ఆ కోటాను ప్రతిరోజూ పూర్తి చేసేవారు, రేషను కార్డు మీద పంచదార లాగా. వారానికి పెడితే సోమవారం ఒకటి వాడేటప్పుడు గురువారం గుర్తొస్తుంది. మిగిలినవి వచ్చే వారానికి కలపకూడదు. మూడే ఎందుకు? పెద్ద శాస్త్రం లేదు. ముందున్న లెక్క వారానికి దాదాపు పదహారు. దాన్ని ఐదో వంతుకి దించాం. ఎవరి ఇంట్లో వాళ్ళు తమ పాత సంఖ్య చూసుకుని దించుకోవచ్చు.

మూడోది, మీటకు దూరంగా ఉండటం. ఉదయం రాసుకున్న ధరకు లిమిట్ ఆర్డర్ పెట్టి, యాప్ మూసేయాలి. ఒక రోజులో ఆ ధర రాకపోతే, ధర తగిలినప్పుడు మాత్రమే ఆర్డరు వెళ్ళే జీటీటీ అనే సౌకర్యం చాలా యాప్‌లలో ఉంది. ధర రాగానే ఫోను మోగే ఏర్పాటు కూడా ఉంటుంది. ఫోను మోగితే చూడాలి, చూస్తే ఫోను మోగదు. నాన్న మూడు పూటలు చూస్తారు, తొమ్మిదిన్నరకి, పదకొండుకి, మూడింటికి. పదకొండు నుంచి రెండు దాకా ఫోను ముందుగదిలో టీవీ పక్కన ఉంటుంది. యాప్ వేలిముద్రతో తెరుచుకోకుండా, ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టేలా మార్చాం. అది చిన్న గొళ్ళెం. దొంగని ఆపదు, నిద్రలో నడిచేవాణ్ణి మాత్రం ఆపుతుంది.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఆ రోజే అమ్మాల్సిన బేరం పెట్టి ఫోను పక్కన పెట్టకూడదు. నష్టం ఆపే ఆర్డరు కూడా దానితోపాటే పెట్టి ఉండాలి. అది పెట్టలేని బేరమైతే, అది ఈ పద్ధతికి సరిపోయే బేరం కాదు.

నాలుగోది నాకు అన్నిటికన్నా నచ్చింది, నాన్న సొంత ఆలోచన. చేయి దురద పెడితే ఆ బేరాన్ని యాప్‌లో కాకుండా లాగ్‌బుక్‌లో చేయాలి. సమయం, షేరు, ధర రాసి, మూడింటికి అప్పటి ధర పక్కన రాయాలి. ఆయన మొదటి రెండు నెలల్లో అలా 61 రాశారు. అన్నీ లక్ష రూపాయల చొప్పున కొన్నట్టు లెక్క వేస్తే ఖర్చులకు ముందు 1,900 నష్టం, ఖర్చులు 5,002. పుస్తకంలో పోయిన ఆ 6,902 రూపాయలు ఖాతాలో మిగిలాయి. నీతి వాక్యాలకు లొంగని మనిషి తన చేతిరాతకు లొంగాడు. నేను ఎంత చెప్పినా ఆయనకు ఎక్కడో సందేహం ఉండేది, మధ్యాహ్నం మంచి అవకాశాలు పోతున్నాయేమోనని. ఆ పుస్తకం చూశాక ఆ సందేహం పోయింది.

ఇవన్నీ మొదలుపెట్టాక తప్పు జరగలేదా అంటే, జరిగింది. ఛఠ్ పండుగ రోజుల్లో అమ్మ పక్కింటివాళ్ళతో కలిసి సూర్యమందిరం వైపు వెళ్ళింది. ఇంట్లో ఆయన ఒక్కరే. నేను సాయంత్రం వచ్చేసరికి లాగ్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసి ఉంది: "పర్మిట్ లేకుండా నాలుగు. 12.20 నుంచి 1.45. కారణం: ఇల్లు నిశ్శబ్దంగా ఉంది." నేను ఏమీ అనలేదు. ప్లాంటులో కూడా ప్రమాదం దాచిన వాడికే శిక్ష, రాసినవాడికి కాదు అని ఆయనే ఎన్నోసార్లు చెప్పారు.

రెండో ఆరు నెలల లెక్క ఇది. బేరాలు 58. ఖర్చులకు ముందు లాభం 6,000. ఖర్చులు 4,756. నికరంగా మిగిలింది 1,244 రూపాయలు. దయచేసి చప్పట్లు కొట్టకండి. 58 బేరాల్లో వచ్చిన పన్నెండు వందలు నైపుణ్యానికి రుజువు కాదు, అదృష్టం కూడా కావచ్చు. అదే మూడు లక్షలు మన బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే అంతకన్నా చాలా ఎక్కువ వచ్చేది. ఆ సంగతి నాన్నకి తెలుసు. అందుకే రెండు లక్షలు బయటికి తీసి డిపాజిట్ చేశారు, లక్ష మాత్రం ఉంచుకున్నారు. నియమాలు లాభం తేవు. కారుతున్న కుళాయిని కడతాయి, అంతే.

వాటి హద్దు కూడా చెప్పాలి. ఇది తోచక చేసే ట్రేడింగుకి మందు. అప్పు చేసి ఆడుతున్న వాళ్ళకి, పోయింది రాబట్టాలని రెట్టింపు వేసే వాళ్ళకి, ఇంట్లో దాచి ఆప్షన్లు కొనే వాళ్ళకి పోపులడబ్బా కింద కాగితం సరిపోదు. 2021-22 నుంచి మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే లెక్కగట్టింది. అక్కడ బేరాలు తగ్గించుకోవడం గురించి కాదు, మానేయడం గురించి మాట్లాడాలి, ఖాతా మూయించాలి, అవసరమైతే డాక్టరు సాయం తీసుకోవాలి. ఇంకో చిన్న సంగతి, ఏ రోజు కొన్నది ఆ రోజే అమ్మితే వచ్చే ఆదాయం పన్ను చట్టంలో స్పెక్యులేషన్ వ్యాపారం కిందికి వస్తుంది. పెన్షనర్లు ఎప్పుడూ వేసే తేలిక రిటర్ను దానికి సరిపోదు. ఇది కూడా చాలా ఇళ్ళలో నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

మీరు ఇంటికి వెళ్ళి చేయగలిగేది ఒక్కటి చెబుతాను. ఎవరినీ నిలదీయకండి. ఒక నెల కాంట్రాక్ట్ నోట్లు వాళ్ళతో కలిసి తెరవండి. మూడు లెక్కలు వేయండి: బేరాలెన్ని, ఖర్చెంత, పదకొండుకీ రెండుకీ మధ్య ఎన్ని. ఆ మూడో అంకె పెద్దదైతే, మార్కెట్టు గురించి మాట్లాడకండి. ఆ మూడు గంటల గురించి అడగండి.

మా ఇంట్లో ఆ ప్రశ్నకి సమాధానం దొరకడానికి కొన్నాళ్ళు పట్టింది. నేను కాలక్షేపం అన్నాను కదా. ఆయనకి కావలసింది కాలక్షేపం కాదు, డ్యూటీ. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు పదకొండున్నరకి మా వీధిలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా, మోటారు మొరాయించినా నాన్నకి ఫోను వస్తుంది. పక్క వీధి కుర్రాడొకడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్నాడు, వాణ్ణి వెంటబెట్టుకుని వెళతారు. డబ్బు తీసుకోరు, టీ తాగుతారు. వచ్చాక లాగ్‌బుక్‌లో రాస్తారు.

ఈ రోజు పొద్దున్న ఇక్కడికి బయలుదేరే ముందు ఆ పుస్తకం తిరగేశాను. నిన్నటి పేజీలో షేర్ల గడి ఖాళీగా ఉంది. కింద ఆయన చేతిరాతతో రెండే మాటలు, "అంతా సవ్యం".